తెరవని స్టేట్‌మెంట్‌లో ఏముంటుంది?

భిలాయిలోని హథ్‌ఖోజ్ పారిశ్రామిక ప్రాంతంలో మా మావయ్య ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో లేత్ మీద పని చేస్తాడు. భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చాలా తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్లాయి. మావయ్య తండ్రి ప్లాంట్‌లో పర్మనెంట్ ఉద్యోగి. మావయ్యది మాత్రం బయటి యూనిట్‌లో నెల జీతం. చేతిలో మైక్రోమీటర్ ఉంటే మిల్లీమీటర్‌లో నూరో వంతు తేడాను కూడా పట్టేస్తాడు. కొలవకుండా ఒక్క షాఫ్ట్‌ని కూడా పక్కన పెట్టడు.

పోయిన ఆగస్టులో వాళ్లింటికి వెళ్లినప్పుడు మరో సంగతి గమనించాను. ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వస్తే ఆయన దాన్ని బోర్లా పెట్టేస్తున్నాడు. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించి నాలుగు నెలలైంది. అడిగితే, "చూస్తే ఏటవుద్ది తల్లీ, లేదన్న సంగతి తెలిసిందే కదా" అన్నాడు. అత్తయ్య ఆ మాట విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

మావయ్య చేసిన పనికి శాస్త్రంలో ఒక పేరుంది. దాన్ని నిప్పుకోడి ప్రభావం అంటారు. (నిప్పుకోడి ఇసుకలో తల దూరుస్తుందన్నది నిజం కాదు. నేలలో గుంట తీసి పెట్టిన గుడ్లను తిప్పడానికి తల వంచితే, దూరం నుంచి చూసేవాళ్లకు అలా కనిపిస్తుంది. పేరు మాత్రం స్థిరపడిపోయింది.) 2009లో నిక్లాస్ కార్ల్‌సన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డువేన్ సెప్పి అనే ముగ్గురు పరిశోధకులు స్వీడన్, అమెరికా మదుపరుల లాగిన్ వివరాలను పరిశీలించారు. షేర్ మార్కెట్ పెరిగిన రోజుల్లో జనం తమ ఖాతాలను ఎక్కువసార్లు తెరిచి చూశారు. పడిన రోజుల్లో తక్కువ. వాళ్లు ఖాతా చూడటానికి పైసా ఖర్చు లేనివాళ్లు. అయినా చూడలేదు. దీనికి కారణం బద్ధకమూ కాదు, తెలియకపోవడమూ కాదు. అంకె కంటపడగానే కలిగే బాధ ఒక ఖర్చు లాంటిది. ఆ ఖర్చు ఇవాళ తప్పుతుందంటే, రేపటి నష్టం ఎంత పెద్దదైనా మనసు దాన్ని పక్కన పెడుతుంది.

అయితే మదుపరికీ మావయ్యకూ ఒక తేడా ఉంది. మార్కెట్ పడినప్పుడు ఖాతా చూడని మదుపరికి, చూడనందువల్ల పెద్దగా పోయేదేమీ లేదు. ఒక్కోసారి అదే మంచిది కూడా. అప్పున్నవాడి ఖాతా అలాంటిది కాదు. చూడని ప్రతి నెలా అందులో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

విస్తళ్లు కుట్టే చోట ఒక ప్రయోగం

"అప్పుల దిగులుంటే పని మీద మనసుండదు" అని మన పెద్దవాళ్లు అంటుంటారు. దీన్ని కొలిచి చూడవచ్చా? ఛత్తీస్‌గఢ్‌కు పక్కనే ఉన్న ఒడిశాలో సుప్రీత్ కౌర్, సెంధిల్ ముల్లైనాథన్, సువాన్నా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్ అలాగే చేశారు. ఆ పరిశోధన 2021లో వెలువడింది. వ్యవసాయ పనులు దొరకని కాలంలో 408 మంది కార్మికులకు ఆకులతో విస్తళ్లు కుట్టే పని ఇచ్చారు. ఎన్ని కుడితే అంత కూలి. కొందరికి వాళ్లు సంపాదించిన కూలిలో కొంత భాగాన్ని ముందుగానే చేతికిచ్చారు, మిగతావాళ్లకు చివర్లో ఇచ్చారు. ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది లాటరీ పద్ధతిలో తేలింది. మొత్తం కూలి అందరికీ ఒకటే. మారింది చేతికందిన రోజు మాత్రమే.

ముందుగా డబ్బందినవాళ్లలో చాలామంది దానితో వెంటనే అప్పులు తీర్చారు, ఇంటికి కావలసినవి కొన్నారు. ఆ తర్వాతి రోజుల్లో వాళ్ల పని సగటున 7 శాతం దాకా పెరిగింది. బాగా పేదవాళ్లలో పెరుగుదల ఇంకా ఎక్కువ. కుట్టడంలో చేసే పొరపాట్లు కూడా తగ్గాయి. నాకు ముఖ్యంగా అనిపించింది ఆ పొరపాట్ల సంగతే. కష్టపడి ఎక్కువ గంటలు కూర్చుంటే విస్తళ్ల సంఖ్య పెరగవచ్చు కానీ, పొరపాట్లు తగ్గాలంటే ధ్యాస పని మీదే ఉండాలి. లేత్ దగ్గర నిలబడేవాడికి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.

పేదరికం, ధ్యాస గురించి వచ్చిన ఇలాంటి అధ్యయనాలన్నీ ఒకే గట్టిదనంతో నిలబడలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఈ రంగంలోని పాత ప్రయోగాలను వేరే బృందాలు మళ్లీ చేసి చూస్తే, చాలావాటిలో మొదట కనిపించిన ఫలితం రాలేదు. ముఖ్యంగా "డబ్బు ఇబ్బందిని ఒకసారి ఊహించుకోండి" అని చెప్పి వెంటనే పరీక్ష పెట్టే రకం ప్రయోగాలు బలహీనంగా తేలాయి. ఒడిశా ప్రయోగంలో ఊహలు లేవు. నిజమైన పని, నిజమైన కూలి ఉన్నాయి. అందుకే నేను దాన్ని ఎక్కువ నమ్ముతాను.

ఆగస్టు నెల, అయిదు వరసలు

ఆ రాత్రి భోజనాలయ్యాక మావయ్య స్టేట్‌మెంట్‌ను ఫోన్‌లోకి దించాం. అప్పుల లెక్క తేల్చడానికి కాదని ముందే చెప్పాను. "రీడింగ్ తీద్దాం, అంతే" అన్నాను. కొలత తీసేటప్పుడు షాఫ్ట్ మంచిదా చెడ్డదా అని ఆలోచించరు కదా. అంకె రాసుకున్నాక, డ్రాయింగ్‌తో పోల్చడం వేరే పని. ఆ మాట ఆయనకు నచ్చింది. నోట్‌బుక్ తనే తెచ్చాడు.

ఆయన జీతం 21,400 రూపాయలు. ఖాతా నుంచి నెలనెలా తనంతట తానే పోయే వాయిదాలు మూడు. ఫోన్ కొన్నదానికి 1,420, బండికి 3,150, ఒక పర్సనల్ లోన్‌కి 4,267. గుర్తుగా ఉండే ఆ నెల వరసలు ఇవి:

```
03/08  ACH D- EMI        1,420.00 DR      540.00
05/08  NACH RTN CHG        295.00 DR      245.00
10/08  SALARY           21,400.00 CR   21,645.00
10/08  NACH RTN CHG        885.00 DR   20,760.00
11/08  UPI               3,150.00 DR   17,610.00
```

ఆ కింది వరసలో పర్సనల్ లోన్ 4,267 కూడా 11నే యూపీఐ ద్వారా కట్టినట్టుంది. `ACH D-` అంటే మనం ముందే ఇచ్చిన అనుమతితో అప్పిచ్చినవాళ్లు ఖాతా నుంచి తీసుకున్న వాయిదా. `RTN CHG` అంటే వాళ్లు అడిగినప్పుడు ఖాతాలో డబ్బు లేక ఆ కోరిక వెనక్కి పోయినందుకు మన బ్యాంకు వేసిన రుసుము. ఈ పదాలు ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటాయి కానీ `RTN`, `RETURN`, `CHG`, `CHRG` అన్న అక్షరాలు ఎక్కడైనా కనిపిస్తాయి. మావయ్య బ్యాంకు రుసుము ఒక్కోసారికి 250 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 45 కలిపితే 295.

మరి 885 ఎక్కడిది? అది మూడు 295లు. 5వ తేదీన బండి వాయిదా, పర్సనల్ లోన్ వాయిదా రెండూ వచ్చాయి. ఖాతాలో ఉన్నది 540. రెండూ వెనక్కిపోయాయి. 8న రెండు సంస్థలూ మళ్లీ అడిగాయి, మళ్లీ వెనక్కిపోయాయి. మొత్తం నాలుగు సార్లు, 1,180 రూపాయలు. మొదటి 295ని బ్యాంకు ఉన్న డబ్బులోంచి వెంటనే తీసుకుంది. మిగతా మూడింటికి డబ్బు చాలక ఆగి, 10న జీతం పడగానే ముందుగా తన 885 పట్టుకుంది. "జీతం పడతానే కరిగిపోతుంది" అని మావయ్య ఎప్పుడూ అనే మాట వెనక ఉన్నది ఇదే.

ఇదింకా సగమే. వాయిదా వెనక్కిపోతే బ్యాంకుతో పాటు అప్పిచ్చిన సంస్థ కూడా తన వైపు రుసుము వేస్తుంది. అది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించదు. దానికి లోన్ ఖాతా స్టేట్‌మెంట్ వేరే తీసుకోవాలి. సంస్థ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది, లేదంటే ఫోన్ చేసి అడగాలి. చాలామంది ఈ రెండో కాగితాన్ని ఎప్పుడూ చూడరు. మావయ్యవి తీస్తే, రెండు సంస్థలూ నెలకు చెరో 500 రాసుకున్నాయి. అంటే నెలకు మొత్తం 2,180. ఆయన రోజుకూలి లెక్కన ఇది రెండున్నర రోజుల పని. నాలుగు నెలలకు 8,720. వెనక్కిపోయిన ఆ రెండు వాయిదాలూ కలిపితే 7,417 మాత్రమే.

ఇంతకీ మావయ్య ఏ నెలా వాయిదా ఎగ్గొట్టలేదు. ప్రతి నెలా 11నే రెండూ కట్టేశాడు. జీతం 10న పడుతోంది, వాయిదా 5న అడుగుతున్నారు. లోన్ తీసుకున్నప్పుడు ఆయన వేరే యూనిట్‌లో ఉండేవాడు. అక్కడ జీతం 1వ తేదీనే వచ్చేది. ఏప్రిల్‌లో యూనిట్ మారాడు, జీతం తేదీ మారింది, వాయిదా తేదీ మారలేదు. "కట్టలేకపోతున్నాను" అని సిగ్గుపడి ఆయన చూడటం మానేసింది సరిగ్గా అప్పటి నుంచే.

నోట్‌బుక్‌లో ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాసి, కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత అత్తయ్యను పిలిచి చూపించాడు.

రెండు రూపాయల వడ్డీ

అప్పుడు ఆయనే ఇంకో అప్పు సంగతి బయటపెట్టాడు. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర 30,000, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇలాంటి చేబదుళ్లు ఏ స్టేట్‌మెంట్‌లోనూ ఉండవు. స్టేట్‌మెంట్ చదివి అప్పంతా తెలిసిందనుకుంటే పొరపాటు. ఆయనకు అన్నిటికంటే ఎక్కువ బాధ ఈ అప్పు గురించే. "పర్సనల్ లోన్ పధ్నాలుగు పర్సెంటే. ఊరిది ఇరవై నాలుగు" అన్నాడు.

నిజానికి రెండూ దాదాపు ఒకటే. పర్సనల్ లోన్ 80,000, రెండేళ్లకు, 14 శాతం "ఫ్లాట్". అంటే ఏడాదికి 11,200 చొప్పున రెండేళ్లకు 22,400 వడ్డీ కలిపి, మొత్తం 1,02,400ని 24 భాగాలు చేశారు. కానీ 80,000 ఆయన దగ్గర ఉన్నది మొదటి నెల మాత్రమే. ప్రతి వాయిదాతోనూ అసలు కొంత తిరిగి వెళ్లిపోతోంది. చివరి నెలలో ఆయన దగ్గర మిగిలేది నాలుగు వేల పైచిలుకే. వడ్డీ మాత్రం ఆ నెలలోనూ 80,000 మీదే లెక్క. మిగిలి ఉన్న అసలు మీదే లెక్క కడితే ఈ అప్పు నెలకు నూటికి 2 రూపాయల 8 పైసలు, ఏడాదికి దాదాపు 25 శాతం. సుమారుగా చెప్పాలంటే ఫ్లాట్ రేటును రెట్టింపు చేసి కాస్త తగ్గించుకుంటే అసలు రేటు వస్తుంది. అప్పులన్నిటినీ "నూటికి నెలకు ఎంత" అన్న మన పాత కొలతలోకి మార్చుకుంటే పోల్చడం తేలిక. కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ఈ కష్టం కొంత తగ్గింది. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ లోన్లకు బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఒక ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అందులో రుసుములన్నీ కలిపిన వార్షిక రేటు `APR` అన్న పేరుతో ఉంటుంది. చూడవలసిన అంకె అదే.

లోన్ స్టేట్‌మెంట్‌లో ఇంకొకటి కూడా వెతికాం. ఆలస్యానికి వేసిన జరిమానాను అసలులో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేస్తున్నారా? 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం అలా వేయకూడదు. మావయ్యకు వేయలేదు. వేసి ఉంటే ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు.

ఏది ముందు తీర్చాలి

గణితం ప్రకారం వడ్డీ ఎక్కువున్న అప్పును ముందు తీర్చాలి. మనసు లెక్క కొంచెం వేరు. 2019లో సింగపూర్‌లో ఓంగ్ చియాన్, వాల్టర్ థెసీరా, ఐరీన్ ఎన్‌జీ ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా 196 మంది పేద రుణగ్రస్తులకు అప్పుల్లో కొంత భాగం తీర్చిపెట్టారు. మూడు నెలల తర్వాత పరీక్షిస్తే వాళ్లలో ఆందోళన తగ్గింది, ధ్యాసను కొలిచే పరీక్షలో తప్పులు తగ్గాయి. తీరిన మొత్తం ఒకటే అయినా, ఎక్కువ ఖాతాలు పూర్తిగా మూతపడినవాళ్లలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. ఒక్కో అప్పు ఖాతా మనసులో ఒక్కో చోటు ఆక్రమించుకుని ఉంటుందని వాళ్ల వివరణ.

ఫోన్ లోన్‌లో మావయ్యకు మిగిలింది మూడు వాయిదాలే, 4,260 రూపాయలు. దాన్ని ముందే తీర్చేస్తే వడ్డీలో మిగిలేది దాదాపు ఏమీ లేదు. అయినా ఒక ఖాతా మూతపడుతుంది. సింగపూర్ ఫలితం చూసి నేను దానికే ఓటు వేద్దామనుకున్నాను. కానీ నెలకు 2,180 కారిపోతున్నప్పుడు ముందు ఆపవలసింది ఆ కారడాన్నే. ఏ అప్పు ముందన్నది దాని తర్వాతి ప్రశ్న.

మర్నాడు రెండు సంస్థలకూ ఫోన్ చేశాడు. పర్సనల్ లోన్ వాళ్లు వాయిదా తేదీని 12కి మార్చడానికి ఒప్పుకున్నారు. మధ్యలో పెరిగే ఏడు రోజులకు వడ్డీ ఒకసారి కట్టాలన్నారు. అది ఒక్క బౌన్స్ రుసుముకు అటూఇటూగా ఉంది. బండి లోన్ వాళ్లు తేదీ మార్చమన్నారు. దానికి వేరే దారి చూడాల్సి వచ్చింది. కనీస నిల్వ అక్కర్లేని ఇంకో పొదుపు ఖాతా తెరిచి, ఆ వాయిదా అనుమతిని అందులోకి మార్చుకోవడం. జీతం పడిన రాత్రే 3,150 అందులో వేస్తే, తర్వాతి నెల 5 దాకా ఎవరూ ముట్టుకోరు. మొదటి నెల మాత్రం ఆ నెల వాయిదా, వచ్చే నెల వాయిదా రెండూ ఒకేసారి తీయాల్సి వచ్చింది. ఆ నెల ఇరుకుగానే గడిచిందని అత్తయ్య చెప్పింది.

మావయ్య విషయంలో స్టేట్‌మెంట్‌లో ఒక దారి దొరికింది. అందరికీ దొరకదు. జీతం కంటే వాయిదాలే ఎక్కువైతే తేదీలు ఎలా మార్చినా లెక్క కుదరదు. అలాంటప్పుడు స్టేట్‌మెంట్ ఉపయోగం వేరు. ఎంత తక్కువ పడుతోందో అంకెతో సహా తెలుస్తుంది. వాయిదా తగ్గించి గడువు పెంచమని అప్పిచ్చినవాళ్లను అడగడానికి ఆ అంకె కావాలి. అది కూడా మూడు నెలలు ఎగ్గొట్టాక కాకుండా, మొదటి వాయిదా తప్పకముందే అడిగితే మాట వినేవాళ్లు ఎక్కువ. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన కూడా తెలిసి ఉండాలి. అప్పుల దిగులు నిద్రను, తిండిని దూరం చేసి, బతకడం మీదే విరక్తి పుట్టించేదాకా వస్తే టెలి మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

అక్టోబరు మొదటి వారంలో మావయ్య నుంచి ఫోన్ వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను. "తల్లీ, అయిదో తారీకున మళ్లీ రెండొందల తొంభై అయిదు కోశారు. బండి వాళ్లు పాత ఖాతాకే వచ్చినట్టున్నారు. కొత్త అనుమతి ఇంకా ఎక్కలేదేమో, ఎవరిని అడగాలి?" అన్నాడు. స్టేట్‌మెంట్ ఆయన ముందే ఉంది. బ్యాంకులో లైన్‌లో నిలబడి మాట్లాడుతున్నాడు.